రాత్రి రికార్డర్ ఇచ్చే పిట్టల జాబితాని ఎంతవరకు నమ్మాలి?

అమలాపురం చుట్టుపక్కల ఏ కాలవ గట్టునైనా ఒక మైకు, చేతిలో పట్టేంత చిన్న కంప్యూటరు పెట్టి రాత్రంతా రికార్డు చేస్తే, పొద్దున్నే లాప్‌టాప్ ఇరవై ముప్పై పిట్టల పేర్లు వరసగా ఇచ్చేస్తుంది. పెద్ద ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్ ఉచితం. చిక్కంతా ఆ జాబితాతోనే. అందులో నిజంగా అరిచిన పిట్టలూ ఉంటాయి, అరవని పిట్టలూ ఉంటాయి, అరిచినా జాబితాలోకి ఎక్కనివీ ఉంటాయి. పగటి రికార్డింగ్ కన్నా రాత్రి రికార్డింగ్‌లో ఈ చివరి రెండు రకాలూ ఎక్కువ. ఎందుకు ఎక్కువో అర్థమైతే ఆ జాబితాని సరిచేసుకోవడం కష్టం కాదు. ముందు రికార్డింగ్ సంగతి చూద్దాం.

పెట్టె, మైకు, కరెంటు

రెడీమేడ్‌గా కావాలంటే ఆడియోమాత్ అనే చిన్న రికార్డర్ ఉంది. మూడు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, పరిశోధకులు ఎక్కువగా వాడేది అదే. కానీ మన దగ్గరికి తెప్పించుకోవాలంటే రవాణా, కస్టమ్స్ కలిసి బరువవుతుంది. అందుకని నేను చెప్పేది రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటరు బోర్డు, ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు, దానికి కాలర్ మైకు, 64 జీబీ మెమరీ కార్డు, ఒక పవర్ బ్యాంకు. పాత ఆండ్రాయిడ్ ఫోన్ చాలదా అని చాలామంది అడుగుతారు. చాలుతుంది, కాకపోతే ఫోన్లు మనిషి గొంతు కోసం తయారైనవి. వెనకాల ఉండే సన్నటి శబ్దాల్ని అనవసరమని అణిచేస్తాయి. మనకి కావలసింది ఆ సన్నటి శబ్దాలే. నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపేసి, డబ్ల్యూఏవీ ఫైలుగా రికార్డు చేసే యాప్ దొరికితేనే ఫోన్ వాడండి.

చౌక సౌండ్ కార్డుల్లో కూడా ఇదే గొడవ ఇంకో రూపంలో ఉంటుంది. శబ్దం తక్కువైతే దానంతటదే పెంచి, ఎక్కువైతే తగ్గించే ఆటో గెయిన్ చాలా వాటిలో ముందే ఆన్ చేసి ఉంటుంది. దాంతో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బుస్సుమనే హోరు పైకి లేస్తుంది, పక్కనే కప్ప ఒకటి అరవగానే దూరంగా ఉన్న గుడ్లగూబ గొంతు అడుక్కి పోతుంది. `alsamixer` తెరిచి `Auto Gain Control` కనబడితే దాని మీదకి వెళ్ళి M నొక్కి ఆపేయాలి.

రికార్డింగ్‌కి వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. ముందు `arecord -l` కొట్టి మైకు ఏ నంబరు మీద ఉందో చూసుకుని, `plughw:1,0`లో 1 బదులు ఆ నంబరు వేసి, ఈ లైనుని `rec.sh` అనే ఫైల్లో పెట్టుకుంటే సరిపోతుంది:

```
timeout 12h arecord -D plughw:1,0 -f S16_LE -r 48000 -c 1 \
  --max-file-time 900 --use-strftime \
  /home/pi/rec/%Y%m%d_%H%M%S.wav
```

పన్నెండు గంటలసేపు, పావుగంటకో ఫైలు చొప్పున రాస్తుంది. ఫైలు పేరే అది మొదలైన తేదీ, సమయం. దీన్ని నేరుగా `crontab`లో రాయొద్దు. అక్కడ % గుర్తుకి వేరే అర్థం ఉంది, లైను సగంలో తెగిపోతుంది. `rec.sh`ని మాత్రం సాయంత్రం ఆరున్నరకి పిలిపించండి. ఈ లెక్కన రాత్రికి నాలుగు జీబీ పైచిలుకు అవుతుంది, కాబట్టి కార్డు పది పన్నెండు రాత్రులకి ఢోకా లేదు. పై జీరో ఇలా రికార్డు చేస్తూ లాగేది ఒక వాట్ అటూ ఇటూ. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక రాత్రికి హాయిగా వస్తుంది. అయితే కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ వాడకాన్ని చూసి ఫోన్ నిండిపోయిందనుకుని ఆగిపోతాయి. తోటలో పెట్టేముందు ఇంట్లో ఒక రాత్రి నడిపి చూస్తే అది తేలిపోతుంది.

సమయం విషయంలో మాత్రం జాగ్రత్త. ఈ బోర్డులో గడియారం బ్యాటరీ ఉండదు. నెట్ లేకుండా ఆన్ చేస్తే కిందటిసారి ఆపినప్పటి సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది. అప్పుడు తెల్లవారుజాము కోకిల అర్ధరాత్రి కోకిల అయిపోతుంది. సాయంత్రం పెట్టేటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఐదు నిమిషాలు ఆన్ చేసి ఉంచినా చాలు, డీఎస్ 3231 అనే చిన్న గడియారం ముక్క తగిలించినా చాలు. ఆడియోమాత్ వాడేవాళ్ళకి వేరే తిరకాసు. అది మామూలుగా గ్రీనిచ్ సమయం రాస్తుంది, దానికి ఐదున్నర గంటలు కలపాలి.

ఎక్కడ పెట్టాలి అన్నదానికి డెల్టాలో సొంత లెక్కలున్నాయి. రొయ్యల చెరువుల ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి వాటికి ఎంత దూరం జరిగితే అంత మంచిది. కొబ్బరి చెట్టు కింద పెట్టొద్దు. కాయ పడుతుందన్నది ఒక భయమైతే, గాలికి మట్టలు ఒకదాన్నొకటి రాసుకునే చప్పుడు మైకుకి కుండపోత వానలా వినిపిస్తుంది. గట్టు మీద ఏ తుమ్మకో గానుగకో, మనిషి ఎత్తున, మైకు మూతి కిందకి వచ్చేలా కట్టి, పైన స్పాంజి తొడగండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి మైకు పిన్నులు త్వరగా తుప్పు పడతాయి, అప్పుడప్పుడు ఊడదీసి చూసుకోవాలి. కోరింగ అభయారణ్యం లాంటి చోట అటవీ శాఖ అనుమతి లేకుండా ఇలాంటివి పెట్టకూడదు. సొంత తోటలో పెట్టినా, గట్టు మీద నడిచేవాళ్ళ మాటలు కూడా రికార్డవుతాయి. ఆ సంగతి చుట్టుపక్కల రైతులకి ముందే చెప్పి, మాటలున్న ముక్కల్ని తీసేయడం మన బాధ్యత.

కంప్యూటరు ఏం వింటుంది

పేర్లు చెప్పే పని బర్డ్‌నెట్ అనే ప్రోగ్రామ్‌ది. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి తయారుచేశాయి. రికార్డు చేసిన చోటే అప్పటికప్పుడు పేర్లు చెప్పే బర్డ్‌నెట్-పై కూడా ఉంది. కానీ అసలు శబ్దం మొత్తం దగ్గరుంటే, సెట్టింగులు మార్చి మళ్ళీ వినిపించుకోవచ్చు. అందుకే రికార్డింగ్ తోటలో, గుర్తింపు ఇంట్లో లాప్‌టాప్ మీద, ఇలా విడదీయడమే నా పద్ధతి.

బర్డ్‌నెట్ మనలాగా రాత్రంతా కూర్చుని వినదు. శబ్దాన్ని మూడేసి సెకన్ల ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కని ఏ క్షణాన ఏ ఎత్తు స్వరం ఎంత గట్టిగా ఉందో చూపించే బొమ్మగా, అంటే స్పెక్ట్రోగ్రామ్‌గా మార్చి, తను నేర్చుకున్న వేల పక్షుల బొమ్మల్లో ఇది దేనికి దగ్గరగా ఉందో చూసి, ప్రతి పేరుకీ సున్నా నుంచి ఒకటి మధ్య మార్కు వేస్తుంది. ముందు ముక్కలో ఏముందో, తర్వాత ముక్కలో ఏముందో దానికి పట్టదు.

ఇప్పుడు లెక్క చూడండి. పన్నెండు గంటలంటే 14,400 ముక్కలు. ఏదో ఒక జాతి విషయంలో బర్డ్‌నెట్ వెయ్యి ముక్కలకి ఒక్కసారే పొరబడుతుందనుకుందాం. వినడానికి చాలా మంచి పనితనమే. అయినా రాత్రికి పద్నాలుగుసార్లు ఆ పిట్ట లేకుండానే పేరు పడుతుంది. పగలైతే నిజమైన అరుపులు వందల్లో ఉంటాయి, వాటి మధ్య ఈ పద్నాలుగు లెక్కలోకి రావు. రాత్రి ఆ పిట్ట మొత్తం మీద ఐదారుసార్లే అరిచి ఉండొచ్చు. అప్పుడు జాబితాలో దాని పేరు ఎదురుగా ఉన్నవాటిలో తప్పులే ఎక్కువ. యంత్రం చెడ్డదని కాదు. వినవలసింది తక్కువ, వినే సమయం ఎక్కువ కావడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. అందుకే రాత్రి జాబితాలో ఒక పేరు ఒకసారి కనబడిందంటే అది ఇంకా వార్త కాదు.

ఆ మార్కు గురించీ ఒక మాట. 0.8 అని ఉంటే ఎనభై శాతం నిజమని చదువుతారు చాలామంది. అలా కాదు. అది ఆ బొమ్మకి ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత, అంతే. ఒక జాతికి 0.3 వచ్చినా దాదాపు ప్రతిసారీ నిజం కావచ్చు, ఇంకో జాతికి 0.8 దగ్గర కూడా సగం తప్పులే కావచ్చు. పైగా మైకు మారితే, చోటు మారితే అది కూడా మారుతుంది. 2024లో వుడ్, కాల్ అనే పరిశోధకులు ఈ మార్కుల వాడకం మీదే ఒక పత్రం రాశారు. కాల్ బర్డ్‌నెట్ తయారుచేసినవాళ్ళలో ఒకరు. ప్రతి జాతికీ కొన్ని ముక్కలు మనిషి చెవితో విని, ఏ మార్కు దాటితే నమ్మాలో ఆ జాతికి విడిగా గీత గీసుకోవాలన్నది అందులోని సారం.

స్థలం, వారం, మన రాత్రి పిట్టలు

లాప్‌టాప్‌లో బర్డ్‌నెట్ అనలైజర్ ఎక్కించాక జూలై రెండో వారం రికార్డింగ్‌కి ఇలా నడపాలి:

```
python -m birdnet_analyzer.analyze rec -o out \
  --lat 16.58 --lon 82.0 --week 26 \
  --min_conf 0.25 --sf_thresh 0.01 --rtype csv
```

కమాండ్లు వద్దనుకునేవాళ్ళకి ఇవే సెట్టింగులు బటన్లతో ఉండే వెర్షన్ కూడా ఉంది. `--week` దగ్గర మాత్రం ఎక్కువమంది తడబడతారు. బర్డ్‌నెట్ సంవత్సరానికి 52 వారాలు కాదు, నెలకి నాలుగు చొప్పున 48. జూలై అంటే ముందు ఆరు నెలలకి ఇరవై నాలుగు, రెండో వారం కాబట్టి ఇరవై ఆరు. గోడ క్యాలెండర్ లెక్కన 28 అని ఇస్తే జూలై చివరి వారం అవుతుంది. జూలైలో పెద్ద తేడా రాకపోవచ్చు గానీ, వలస పిట్టలు దిగే అక్టోబర్, నవంబర్లలో క్యాలెండర్ లెక్క ఇస్తే ఒక నెల దాకా ముందుకి పోతుంది.

స్థలం, వారం ఇవ్వడం ఎందుకంటే, ఆ చోట ఆ కాలంలో ఉండే అవకాశం లేని పిట్టల్ని ముందే పక్కన పెట్టడానికి. అమెరికా పిట్టల పేర్లు కోనసీమ జాబితాలోకి రాకుండా ఆపేది ఇదే. కానీ ఆ వడపోత తన తెలివిని ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో జనం రాసిన చెక్‌లిస్టుల నుంచి తెచ్చుకుంది. జనం పిట్టల్ని చూసేది పగలు. కాలవ గట్టు మీద కొంగలు, లకుముకి పిట్టలు ప్రతి చెక్‌లిస్టులో ఉంటాయి. నైట్‌జార్ అనే రాత్రి పిట్టనీ, చిన్న గుడ్లగూబల్నీ రాత్రిపూట తిరిగి రాసేవాళ్ళు తక్కువ. అవి నిజంగా ఉన్నా, లెక్కల్లో మాత్రం అరుదైనవిగా కనిపిస్తాయి. మామూలు సెట్టింగ్ 0.03 ఉంచితే, మనం రాత్రంతా మైకు పెట్టింది దేనికోసమో ఆ పిట్టలే గడప దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. పైన `--sf_thresh` ని 0.01కి దించింది అందుకే. ఇంకా మంచి పని ఏమిటంటే, మన ప్రాంతంలో రాత్రి అరిచే వాటితో సొంత జాబితా ఒకటి రాసుకుని, `--lat`, `--lon` తీసేసి `--slist` తో ఇవ్వడం. అవి ఉంటే ఈ జాబితాని బర్డ్‌నెట్ పట్టించుకోదు. చేతిలో జాబితా ఉంటే ఏది రాలేదో, ఎందుకు రాలేదో అడగొచ్చు. వడపోత చేతికి వదిలేస్తే ఆ ప్రశ్నే తట్టదు.

ఒక రాత్రి జాబితాని సరిచూడటం

జూలైలో వాన పడి వెలిసిన రాత్రి, ఊడ్చిన చేల మధ్య గట్టు మీద రికార్డు చేశామనుకుందాం. పొద్దున్న వచ్చిన జాబితాలో `Red-wattled Lapwing`, `Spotted Owlet`, `White-breasted Waterhen`, `Indian Nightjar`, `Asian Koel` పేర్లు పదులసార్లు, `Black-crowned Night Heron` రెండు మూడుసార్లు ఉన్నాయి. వరసగా ఇవి తీతువు, పైడికంటి, బొమ్మకోడి, నైట్‌జార్, కోకిల, రాత్రి కొంగ. వీటిని ఎలా చూడాలో ఒక్కోటి చెబుతాను.

మొదటి పని, పేరు పక్కన సమయం రాసుకోవడం. ఫలితాల్లో ఉండేది ఫైలు మొదలైన దగ్గర్నుంచి సెకన్ల లెక్క. `20250709_043000.wav` ఫైల్లో 372వ సెకను అంటే తెల్లవారుజామున నాలుగు గంటల ముప్పై ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు. సమయాలు వరసలో పెట్టగానే సగం సంగతి విప్పుకుంటుంది. కోకిల పేరు నాలుగున్నర తర్వాత గుంపుగా పడితే మనకి తెలిసిన కోకిలే. తీతువు మనిషో కుక్కో దగ్గరికొస్తే ఒక్కసారిగా అరిచి మళ్ళీ ఊరుకుంటుంది, కాబట్టి దాని పేరు రాత్రంతా అక్కడక్కడ ముద్దలు ముద్దలుగా పడుతుంది. పైడికంటి చీకటి పడగానే, మళ్ళీ తెల్లారేముందు గోల చేస్తుంది. ఈ మూడింట్లో ఒక్కోదానికి పైమార్కువి పది, అడుగుమార్కువి పది ముక్కలు విని చూస్తే చాలు. అనలైజర్‌లో సెగ్మెంట్స్ అనే విభాగం జాతివారీగా ముక్కలు కోసి పెడుతుంది.

నైట్‌జార్ దగ్గర ఆగాలి. దాని పేరు తొమ్మిది నుంచి మూడు దాకా ఎక్కడా తగ్గకుండా, పెరగకుండా పడుతూ ఉంటే అనుమానించండి. ఒక పిట్ట కాసేపు అరుస్తుంది, కాసేపు మానేస్తుంది, చోటు మారుతుంది. వాన వెలిసిన రాత్రి ఆగకుండా అరిచేవి కప్పలు. మన నైట్‌జార్ అరుపు చుక్ చుక్ చుక్ అని మొదలై, టేబుల్ మీద వదిలేసిన పింగ్‌పాంగ్ బంతిలాగా చివర్లో వేగం పెరిగి ర్‌ర్‌ర్ అని ముగుస్తుంది. టిక్కు టిక్కు మనే కప్ప శబ్దంలో ఆ వేగం పెరగడం ఉండదు. మూడు సెకన్ల ముక్కలో ఈ తేడా సరిగ్గా దొరకదు, కోత మధ్యలో పడుతుంది. బర్డ్‌నెట్ తడబడేదీ అక్కడే. పైగా అది నేర్చుకున్న పేర్లలో దాదాపు అన్నీ పక్షులవే, మన పొలం కప్పల గొంతులు దానికి పెద్దగా తెలియవు. తెలియని గొంతు వినబడితే తెలిసిన వాటిలో దగ్గరదాని పేరు చెబుతుంది.

కాబట్టి ఆ ముక్క ఒక్కటే వినొద్దు. అసలు ఫైలుని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో తెరిచి, ముందు వెనక అర నిమిషం వినండి, స్పెక్ట్రోగ్రామ్ చూడండి. కప్ప అయితే ఒకే ఎత్తున, ఒకే ఎడంతో గీతలు నిమిషాల తరబడి సాగుతాయి. నైట్‌జార్ అయితే గీతల మధ్య ఎడం తగ్గుతూ వచ్చి దగ్గరపడి ఆగిపోతాయి. మళ్ళీ కొంచెంసేపటికి మొదలవుతాయి. ఇలా చూస్తూ పోతే పదుల్లో ఉన్నవన్నీ కప్పవే అయి, నాలుగు ముప్పావు ప్రాంతంలో రెండు మూడు మాత్రం నిజంగా నైట్‌జార్‌వే తేలొచ్చు. అవి దూరం నుంచి వచ్చినవి కాబట్టి వాటి మార్కు 0.4 దగ్గరుండి, పక్కనే అరిచిన కప్పకి 0.8 ఉండొచ్చు. ఇలాంటి చోట గీత ఎక్కడ గీసినా లాభం లేదు. పైన గీస్తే పిట్ట పోయి కప్ప మిగులుతుంది. సమయం, చుట్టూ ఉన్న శబ్దం, మన చెవి, ఈ మూడే దారి. అనుమానం తీరకపోతే జెనో-కాంటో సైట్‌లో మన దేశంలో రికార్డు చేసిన అరుపులు పెట్టి పోల్చుకోండి.

బొమ్మకోడి విషయం ఇంకో రకం. వానాకాలంలో అది రాత్రిళ్ళు కూడా ఆపకుండా కొక్కరిస్తుంది, కప్పల మధ్యలోనే. కాబట్టి ఎక్కువసేపు పడిందని దాన్ని కొట్టేయకూడదు. దానికి మార్కు గీత పనిచేస్తుంది. పైనుంచి కిందకి వింటూ రండి. వరసగా తప్పులు మొదలైన చోట ఆపి, ఆ అంకెనే బొమ్మకోడికి గీతగా పెట్టుకోండి. ఆ గీత ఆ గట్టుకీ, ఆ మైకుకీ, ఆ కాలానికీ మాత్రమే. దాళ్వా రోజుల్లో మళ్ళీ చూసుకోవాలి.

రాత్రి కొంగకి మూడో పద్ధతి. ఒంటరిగా పడిన పేరుని నమ్మొద్దని పైన చెప్పాను గానీ, ఈ పిట్ట ఎగురుతూ పోతూ ఒక్కసారి క్వాక్ మని పోతుంది. దానికి ఒంటరిగా పడటమే సహజం. రెండు మూడే ఉన్నాయి కాబట్టి అన్నీ వినేయండి. పొట్టిగా, బొంగురుగా ఒకే ఒక్క అరుపు, చుట్టూ అలాంటిది ఇంకేమీ లేదంటే ఉంచుకోవచ్చు. అదే శబ్దం అరనిమిషం లోపల మళ్ళీ మళ్ళీ అదే చోటు నుంచి వస్తుంటే ఎగిరే కొంగ కాదు.

ఇంత చేశాక మిగిలిన పేర్లని రాసుకునేటప్పుడు, పక్కన ఎన్ని ముక్కలు విన్నదీ, ఎన్ని నిజమైనదీ కూడా రాయండి. అరవై ముక్కల్లో తీతువు పేరు ఉందంటే అరవై తీతువులు కాదు, ఒక జంటే రాత్రంతా అరిచి ఉండొచ్చు. జాబితాలో లేని పిట్ట ఆ చేలో లేదని కూడా కాదు. ఆ రాత్రి అది అరవకపోయి ఉండొచ్చు, గాలి ఎక్కువై ఉండొచ్చు, వడపోత ఆపేసి ఉండొచ్చు. రాత్రి పొద్దుపోయాక గాలి తగ్గాక వచ్చిన రికార్డింగ్‌నీ, సముద్రపు గాలి కొట్టే సాయంత్రపు రికార్డింగ్‌నీ ఒకే లెక్కలో వేయకండి. రెండు తోటల్ని పోల్చాలనుకుంటే ఒకే రకం మైకు, ఒకే ఎత్తు, ఒకే రాత్రి ఉండాలి. అసలు డబ్ల్యూఏవీ ఫైళ్ళలో కనీసం నిజమని తేలిన ముక్కల్నీ, అనుమానం తీరని ముక్కల్నీ దాచుకోండి. బర్డ్‌నెట్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ముందుగా వాటి మీద నడిపితే, మన కప్పల్ని అది ఇంకా నైట్‌జార్ అంటోందో లేదో తెలిసిపోతుంది.